హెచ్‌ఐవి ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు కోట్రిమాక్సజోల్ ఎలా ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో పనిచేసే ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు, పిల్లల వార్డుకు కొత్తగా వచ్చిన స్టాఫ్ నర్సుల కోసం ఇది రాస్తున్నాను. తల్లికి హెచ్‌ఐవి ఉంది, బిడ్డకు ఉందో లేదో ఇంకా తేలలేదు, ఆ మధ్యకాలంలో ఆ బిడ్డకు రోజూ ఇవ్వవలసిన కోట్రిమాక్సజోల్ గురించి మాత్రమే ఇందులో చెబుతాను. మందు మొదలుపెట్టడంలో పొరపాట్లు తక్కువే. బిడ్డ బరువు పెరిగినా మోతాదు పెంచకపోవడం, ఒక పరీక్షలో నెగిటివ్ రాగానే మందు మాన్పించడం, ఈ రెండే ఎక్కువగా జరుగుతాయి. అందుచేత ఆ రెండింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

ఆరు వారాలకు మొదలుపెట్టండి

పెంటావాలెంట్ మొదటి డోసుకు బిడ్డను తెచ్చిన రోజే కోట్రిమాక్సజోల్ మొదలుపెట్టాలి. అంతకు ముందు ఎందుకు వద్దంటే, ఇది సల్ఫా మందు. పుట్టిన తొలి వారాల్లో బిడ్డ రక్తంలోని కామెర్ల పదార్థాన్ని అల్బుమిన్ అనే ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. సల్ఫా ఆ చోటును ఆక్రమిస్తే, విడిపోయిన పదార్థం మెదడులోకి చేరి శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. మరీ ఆలస్యం చేయకూడదనడానికి కూడా అంతే బలమైన కారణం ఉంది. హెచ్‌ఐవి సోకిన పసిబిడ్డలకు న్యుమోసిస్టిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే న్యుమోనియా మూడో నెల నుంచి ఆరో నెల మధ్యలోనే ఎక్కువగా వస్తుంది, చాలామందిలో అదే మొదటి జబ్బు, అదే ప్రాణాంతకం. ఆరు వారాలకు మడమ దగ్గర తీసి కార్డు మీద ఆరబెట్టి పంపిన రక్తపు చుక్కల ఫలితం వచ్చేలోపే బిడ్డ ఆ వయసులోకి అడుగుపెడుతుంది. కాబట్టి ఫలితం కోసం ఎదురుచూడకుండా రక్తం తీసిన రోజే మందు కూడా చేతికివ్వాలి.

బిడ్డ నాలుగో నెలలోనో ఎనిమిదో నెలలోనో మొదటిసారి మీ కంటపడితే, సమయం దాటిపోయిందని వదిలేయకుండా ఆ రోజు ఉన్న బరువును బట్టి ఆ రోజే మొదలుపెట్టండి.

ఇక్కడే ఒక సంగతి తల్లికి విడమరచి చెప్పాలి. పుట్టినప్పటి నుంచి బిడ్డకు ఇస్తున్న నెవిరపిన్ వంటి సిరప్ వేరు, ఇప్పుడిచ్చేది వేరు. మొదటిది హెచ్‌ఐవి సోకకుండా ఇచ్చే మందు, తల్లి పరిస్థితిని బట్టి అది ఆరు వారాలకో పన్నెండు వారాలకో ఆగిపోతుంది. రెండోది ఒకవేళ హెచ్‌ఐవి సోకి ఉంటే దాని వెంట వచ్చే న్యుమోనియా రాకుండా కాపాడే మందు, అది ఆగదు. రెండూ సీసాల్లోని సిరప్‌లే కావడంతో, ఒకటి ఆపమన్నప్పుడు రెండూ ఆపేసే తల్లులు ఉన్నారు. "మందు అయిపోయింది, ఇంక వద్దని చెప్పినారు గదా సిస్టర్" అని ఒక తల్లి అంటే, ఆమెకు చెప్పింది ఏ సీసా గురించో ముందు అడిగి తెలుసుకోండి. నెవిరపిన్ ఆపే రోజున కోట్రిమాక్సజోల్ సీసాను ఆమె చేతిలో పెట్టి, "ఇది మాత్రం ఆపొద్దమ్మా" అని చూపించి చెబితే ఈ గందరగోళం రాదు.

మొదలుపెట్టే ముందు మూడు విషయాలు అడగండి. బిడ్డకు ఇంతకు ముందు సల్ఫా మందు పడక దద్దుర్లు వచ్చాయా, బిడ్డ బాగా పాలిపోయి ఉందా లేక కళ్లు పచ్చగా ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా జీ6పీడీ లోపం ఉందని డాక్టరు ఎప్పుడైనా చెప్పారా. ఏ ఒక్కదానికి అవునన్నా మీరు సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. ఈ మందు పడని పిల్లలకు బదులుగా డాప్సోన్ ఇస్తారు, అయితే జీ6పీడీ లోపం ఉన్నవారికి అది కూడా ప్రమాదమే గనుక ఆ నిర్ణయం డాక్టరుదే.

మోతాదు: వయసు కాదు, ఈ రోజు బరువు

మందు రోజుకు ఒక్కసారే. ముందు సీసా మీది అక్షరాలు చదవండి. ప్రతి 5 మి.లీ.లో ట్రైమెథోప్రిమ్ 40 మి.గ్రా., సల్ఫామెథాక్సజోల్ 200 మి.గ్రా. అని ఉండాలి. పిల్లల మాత్ర అయితే ఒక్కో మాత్రలో 20 మి.గ్రా., 100 మి.గ్రా. ఉంటాయి, అంటే ఒక పిల్లల మాత్ర 2.5 మి.లీ. సిరప్‌కు సమానం. ఈ ఒక్క లెక్క గుర్తుంటే, సిరప్ దొరకనప్పుడు మాత్రకూ మాత్ర లేనప్పుడు సిరప్‌కూ మారడం కష్టం కాదు. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో అనుసరించే బరువు పట్టిక ఇది.

- 5 కిలోల లోపు: సిరప్ 2.5 మి.లీ., లేదా పిల్లల మాత్ర 1
- 5 నుంచి 10 కిలోలు: సిరప్ 5 మి.లీ., లేదా పిల్లల మాత్రలు 2
- 10 నుంచి 15 కిలోలు: సిరప్ 7.5 మి.లీ., లేదా పిల్లల మాత్రలు 3
- 15 నుంచి 22 కిలోలు: సిరప్ 10 మి.లీ., లేదా పిల్లల మాత్రలు 4

హెచ్‌ఐవి ఉందో లేదో తేలవలసిన బిడ్డ విషయంలో మీకు దాదాపు ఎప్పుడూ పనికివచ్చేవి మొదటి మూడు వరుసలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక గోడకు అంటించి ఉన్న ఆసుపత్రుల్లో హద్దులు కొంచెం వేరుగా కనిపిస్తాయి. అందులో 6 కిలోల లోపు 2.5 మి.లీ., 6 నుంచి 14 కిలోల లోపు 5 మి.లీ. ఉంటుంది. రెండూ సరైనవే, కాని ఒకే బిడ్డకు ఒక నెల ఒక పట్టిక ప్రకారం, మరో నెల ఇంకో పట్టిక ప్రకారం ఇస్తే తల్లి తికమకపడుతుంది. బిడ్డకు మందు ఇచ్చే ఏఆర్‌టీ సెంటరు ఏది వాడుతుందో మీరూ అదే వాడండి.

బరువును ఒంటి మీద మందపాటి బట్టలు తీసి, తూకం సున్నా దగ్గర ఉందో లేదో చూసి తీయాలి. అంగన్‌వాడీలో తీసిన బరువు పోయిన నెలదైతే దాన్ని నమ్ముకోకండి, తొలి నెలల్లో బిడ్డ నెలకు అరకిలోకు పైగా పెరుగుతుంది.

ఈ పట్టికలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన గీత 5 కిలోల గీత. చాలామంది పిల్లలు దాన్ని దాటేది మూడో నెల అటూ ఇటూ, అంటే న్యుమోసిస్టిస్ న్యుమోనియా ప్రమాదం మొదలయ్యే సరిగ్గా ఆ రోజుల్లోనే. పైగా పద్నాలుగో వారం టీకా తర్వాత తొమ్మిదో నెల మీజిల్స్ రుబెల్లా టీకా దాకా టీకాల కోసం బిడ్డ మన దగ్గరికి వచ్చే అవసరం దాదాపు ఉండదు. పద్నాలుగో వారంలో మోతాదు మార్చడం మరచిపోతే, బిడ్డ ప్రమాదకాలమంతా సగం మోతాదు మీదే గడిచిపోతుంది. అందుకని ఆ టీకా రోజున బరువు తీయకుండా, పట్టిక చూడకుండా బిడ్డను పంపించవద్దు. ఆ తర్వాత మందు కోసం వచ్చే ప్రతి నెలా బరువు తీయండి.

తాగించడం

సిరప్ సీసాలో మందు అడుగున పేరుకుంటుంది. బాగా కుదపకుండా పోస్తే నెల మొదట్లో పలచటి మందు, చివర్లో చిక్కటి మందు బిడ్డకు అందుతాయి. వంటింటి చెంచాలు రకరకాల కొలతల్లో ఉంటాయి కాబట్టి సూది లేని 5 మి.లీ. సిరంజి ఇచ్చి, మీ ఎదుటే తల్లి చేత ఒకసారి మందు తీయించి చూడండి. బిడ్డ తలను కొంచెం ఎత్తుగా పట్టుకొని, సిరంజి కొనను నాలుక మీద కాకుండా చెంప లోపలి వైపు ఉంచి కొద్దికొద్దిగా వదలాలి. మాత్ర అయితే శుభ్రమైన గిన్నెలో పిండిన తల్లిపాలలోగాని, కాచి చల్లార్చిన ఒక చెంచా నీళ్లలోగాని పూర్తిగా కరిగించి, గిన్నెకు అంటుకున్నది కూడా కడిగి తాగించాలి.

తాగించిన అరగంటలోపు కక్కేస్తే అదే మోతాదు మళ్లీ ఇవ్వాలి, అరగంట దాటాక కక్కితే మళ్లీ ఇవ్వనక్కరలేదు. ఒక రోజు మరచిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు ఇవ్వవచ్చుగాని, మరుసటి రోజు రెండింతలు చేసి ఇవ్వకూడదు.

ఇంకొక ప్రమాదం ఇంట్లోనే ఉంటుంది. తల్లి తన కోసం వాడే పెద్దల డబుల్ స్ట్రెంగ్త్ మాత్ర కూడా ఇదే మందు. బిడ్డ సిరప్ అయిపోయిన రోజున, తన మాత్రలో సగం విరిచి నూరి తాగిస్తే సరిపోతుందని అనుకునే వీలుంది. ఆ సగం మాత్రలో ట్రైమెథోప్రిమ్ 80 మి.గ్రా. ఉంటుంది, 6 కిలోల బిడ్డకు అది ఇవ్వవలసినదానికి రెండింతలు. మందు అయిపోవడానికి వారం ముందే రమ్మని చెప్పడం దీనికి సరైన జాగ్రత్త.

ఒక బిడ్డ, ఇరవై నెలలు

ఆదోని వైపు పల్లెల్లోని కుటుంబం ఒకటి అనుకోండి. ఏటా జనవరిలో మిరపకాయలు కోసే పనికి గుంటూరు వైపు పోయి, ఏప్రిల్‌లో తిరిగివస్తారు. ఆడబిడ్డ ఆగస్టు నడుమ పుట్టింది. తల్లి గర్భంతో ఉన్నప్పటి నుంచి ఏఆర్‌టీ మందులు వాడుతోంది, బిడ్డకు తన పాలే ఇస్తోంది.

సెప్టెంబరు చివర్లో ఆరు వారాలకు బిడ్డ బరువు 3.8 కిలోలు. రక్తపు చుక్కలు తీసి పంపారు, నెవిరపిన్ ఆపారు, కోట్రిమాక్సజోల్ 2.5 మి.లీ. మొదలుపెట్టారు. తల్లికి చదువు రాదు గనుక ఏఎన్‌ఎం సిరంజి మీద 2.5 గీత దగ్గర గోళ్ల రంగుతో ఒక గుర్తు పెట్టింది. నెలకు కావలసింది 75 మి.లీ., అంటే 50 మి.లీ. సీసాలు రెండు. పరీక్ష ఫలితం నెగిటివ్‌గా వచ్చింది, మందు మాత్రం కొనసాగింది. పది వారాలకు బరువు 4.6 కిలోలు, మోతాదు మారలేదు.

నవంబరు చివర్లో పద్నాలుగు వారాలకు బరువు 5.3 కిలోలు. మోతాదు 5 మి.లీ.కి పెరిగింది, నెలకు 150 మి.లీ. కావాలి గనుక మూడు సీసాలు ఇచ్చారు. డిసెంబరు చివర్లో తల్లి మళ్లీ వచ్చినప్పుడు సంచిలోంచి సీసాలు బయటికి తీయించి చూస్తే, ఒకటి మూత కూడా విప్పలేదు, ఇంకొకటి సగం మిగిలి ఉంది. రోజూ ఇస్తూనే ఉన్నానని ఆమె చెప్పింది, ఆ మాట నిజమే. సిరంజి మీద పాత గోళ్ల రంగు గుర్తు అలాగే ఉండడంతో నెలంతా అక్కడిదాకానే మందు తీసింది. నోటిమాటగా చెప్పిన "ఐదు" కంటే కళ్లకు కనిపించే ఎర్రటి గుర్తే ఆమెకు ఆధారమైంది. ఏఎన్‌ఎం ఆ సిరంజిని తీసేసుకొని, కొత్త సిరంజి మీద 5 దగ్గర గుర్తు పెట్టి, అక్కడే మందు తీయించి చూసింది.

ఇందులో మీరు పట్టుకోవలసినది సీసా లెక్క. 2.5 మి.లీ. చొప్పున 50 మి.లీ. సీసా ఇరవై రోజులు వస్తుంది, 5 మి.లీ. చొప్పున పది రోజులు, 7.5 మి.లీ. చొప్పున ఆరేడు రోజులు. "రోజూ ఇస్తున్నావా" అని అడిగితే ఎవరైనా ఇస్తున్నామనే అంటారు. మిగిలిన సీసాలు చూస్తే, ఎంత ఇచ్చారో ఎవరినీ నొప్పించకుండా తెలిసిపోతుంది.

జనవరిలో గుంటూరు ప్రయాణం. మూడు నెలలకు 450 మి.లీ., అంటే తొమ్మిది సీసాలు మోసుకుపోవాలి. వాటికి బదులు రోజుకు రెండు పిల్లల మాత్రల చొప్పున 180 మాత్రలు ఇవ్వడం తేలిక. అప్పటికి బిడ్డ 6 కిలోలు దాటింది, తిరిగివచ్చేలోపు 10 కిలోలు కాదు గనుక మోతాదు మార్చవలసిన అవసరమూ పడదు. గుడారాల దగ్గర పదిమందిలో ఉంటారు కాబట్టి, జబ్బు పేరు తెలిసేలా చీటీ మీద ఏమీ రాయకుండా "రోజుకు 2" అని మాత్రం రాసి, రెండు మాత్రల బొమ్మ గీసి ఇవ్వాలి. ఆరు నెలల పరీక్ష తప్పకుండా ఉండేందుకు అక్కడి ఐసీటీసీకి చూపించే కాగితాన్ని కవరులో పెట్టి పంపాలి.

బిడ్డకు ఏడాది నిండేసరికి బరువు 8.6 కిలోలు, పరీక్ష మళ్లీ నెగిటివ్. పాలు మాన్పించవచ్చని చెప్పినా, బిడ్డ రాత్రిళ్లు ఊరుకోక తల్లి ఇస్తూనే ఉంది. పదిహేడో నెలలో, జనవరి నడుమ ప్రయాణానికి ముందు పూర్తిగా మాన్పించింది. ఫిబ్రవరిలో పద్దెనిమిది నెలలు నిండాయి. మందు ఆపాలా? ఆపకూడదు. ఎందుకో కింద చెబుతాను.

ఎప్పుడు ఆపాలి

ఆపడానికి రెండు షరతులు కలిసి నెరవేరాలి. బిడ్డకు పద్దెనిమిది నెలలు నిండాలి, తల్లిపాలు పూర్తిగా మాని మూడు నెలలు గడవాలి. ఈ రెండింటిలో ఏది ఆలస్యంగా వస్తే అప్పుడు ఐసీటీసీలో యాంటీబాడీ పరీక్ష చేయించాలి, అది నెగిటివ్ అని తేలి కాగితం చేతికి వచ్చాకే మందు ఆపాలి. పాత చార్టుల్లో పాలు మానిన ఆరు వారాలకు అని ఉండవచ్చు, ఇప్పుడు లెక్క మూడు నెలలు.

పద్దెనిమిది నెలలకు ముందు యాంటీబాడీ పరీక్ష ఎందుకు సరిపోదంటే, గర్భంలో తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ రక్తంలో అంతకాలం దాకా మిగిలి ఉండవచ్చు. సోకని బిడ్డకు కూడా పాజిటివ్ చూపించవచ్చు. ఆరు వారాలప్పుడు చేసే రక్తపు చుక్కల పరీక్ష వైరస్‌నే వెతుకుతుంది గనుక ఆ చిక్కు దానికి లేదు, అయితే అది ఆ రోజు దాకా జరిగినదే చెబుతుంది. ఆ తర్వాత బిడ్డ పాలు తాగిన ప్రతి రోజూ సోకే అవకాశం మిగిలే ఉంటుంది, ముఖ్యంగా తల్లి మందులు సరిగా వేసుకోని రోజుల్లో. అందువల్ల ఆరు వారాలు, ఆరు నెలలు, పన్నెండు నెలల్లో వచ్చే నెగిటివ్‌లు సంతోషించదగినవేగాని, మందు ఆపడానికి సరిపోవు. తల్లిపాలు అసలే తాగని బిడ్డకు కూడా మన కార్యక్రమంలో తుది నిర్ధారణ పద్దెనిమిది నెలలకే గనుక, అప్పటిదాకా కొనసాగించండి.

హెచ్‌ఐవి సోకలేదని తేలిన పిల్లలకు ఈ మందు కొనసాగించడం వల్ల ప్రాణరక్షణలో అదనపు మేలు కనిపించలేదని బోట్స్వానాలో జరిపిన అధ్యయనం 2017లో చెప్పింది. అది విని కొందరు త్వరగా ఆపవచ్చుగదా అంటారు. ఆ అధ్యయనం సోకలేదని తేలిన పిల్లల గురించి. మన ముందున్నది పాలు తాగుతూ ఇంకా తేలని బిడ్డ. తేలిన రోజున ఆపడానికి మాత్రం ఆ ఫలితం మనకు ధైర్యం ఇస్తుంది.

పైన చెప్పిన బిడ్డ జనవరి నడుమ పాలు మానింది గనుక ఏప్రిల్ నడుమకు మూడు నెలలు నిండాయి. కుటుంబం తిరిగివచ్చాక ఏప్రిల్ చివర్లో ఇరవయ్యో నెలలో పరీక్ష చేశారు, బరువు 10.4 కిలోలు. 10 దాటింది గనుక ఫలితం వచ్చేదాకా ఇవ్వవలసినది రోజుకు మూడు మాత్రలు. నెగిటివ్ అని కాగితం వచ్చిన రోజున మందు ఆపారు. మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోనక్కరలేదు, ఒక్కసారే ఆపవచ్చు. మిగిలిన మాత్రలను వెనక్కి తీసుకోండి, లేకపోతే ఇంట్లో ఇంకో బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు అవి బయటికి వస్తాయి.

ఎప్పుడైనా పరీక్ష పాజిటివ్ వస్తే, బిడ్డను ఆలస్యం చేయకుండా ఏఆర్‌టీ సెంటరుకు పంపాలి, కోట్రిమాక్సజోల్ మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆ బిడ్డకు ఐదేళ్లు నిండేదాకా సీడీ4 లెక్క ఎంత ఉన్నా మందు సాగుతుంది, ఆ తర్వాత ఆపాలా వద్దా అన్నది సీడీ4 చూసి సెంటరు డాక్టరు నిర్ణయిస్తారు.

వెంటనే ఆసుపత్రికి పంపవలసినవి

ఒంటి మీద కొద్దిపాటి దద్దుర్లు వచ్చి బిడ్డ చలాకీగా ఉంటే అదే రోజు డాక్టరుకు చూపించండి. దద్దుర్లు బొబ్బలై చర్మం ఊడుతున్నా, నోట్లో పుండ్లు లేచినా, కళ్లు ఎర్రబడి పుసులు కట్టినా, కామెర్లు కనిపించినా, ఉన్నట్టుండి బాగా పాలిపోయినా మందు వెంటనే ఆపి పెద్దాసుపత్రికి పంపాలి. అలా బొబ్బలెక్కిన బిడ్డకు ఏ సల్ఫా మందూ మళ్లీ ఇవ్వకూడదు, ఆ సంగతి కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయండి.

మందు వాడుతున్నా న్యుమోనియా రావచ్చు, ముఖ్యంగా మోతాదు తక్కువైన పిల్లలకు. న్యుమోసిస్టిస్ న్యుమోనియాలో దగ్గు, జ్వరం అంతగా లేకపోవచ్చు, గుండెల మీద చెవి పెట్టినా పెద్దగా శబ్దం వినిపించకపోవచ్చు. నిమిషానికి ఊపిరి లెక్క పెట్టండి. రెండు నెలలు నిండిన బిడ్డకు ఏడాదిలోపు 50, ఏడాది దాటాక 40 లేదా అంతకు మించితే అది వేగమైన ఊపిరి. పక్కటెముకల కింద డొక్క లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోయినా, పెదవులు నీలంగా మారినా ఇంట్లో ఉన్న సిరప్‌నే రెండు పూటలా పోసి చూడవద్దు. ఆ జబ్బుకు ఇచ్చే చికిత్స మోతాదు రోజువారీ రక్షణ మోతాదు కంటే చాలా ఎక్కువ ఉంటుంది, ఆక్సిజన్ కూడా కావాలి. 108 పిలిచి పంపండి, కోట్రిమాక్సజోల్ ఏ తేదీ నుంచి, ఏ మోతాదులో ఇస్తున్నారో రాసిన కార్డును బిడ్డతోపాటు ఇవ్వండి.